మొదటి ఫోన్‌లో చెప్పిన జీతం, ఆ సాయంత్రం రాసే మెయిల్

ఉద్యోగం మారాలనుకుని నౌకరీలో ప్రొఫైల్ కాస్త సవరిస్తే చాలు, ఫోన్లు మొదలవుతాయి. అవతలి మనిషి కన్సల్టెన్సీ పేరు చెబుతారు, ఉద్యోగం గురించి రెండు ముక్కలు చెబుతారు, ఆ వెంటనే మూడు ప్రశ్నలు అడుగుతారు. ఇప్పుడు సీటీసీ ఎంత? ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు? నోటీస్ పీరియడ్ ఎన్నాళ్లు? పని ఎలాంటిదో, టీమ్‌లో ఎందరున్నారో, ఎవరి కింద పనిచేయాలో అప్పటికి ఏమీ తెలియదు. అయినా జీతం చెప్పాలి. బస్సులోనో, ఆఫీసు మెట్ల దగ్గరో నిలబడి ఏదో ఒక అంకె చెప్పేస్తాం. నెల తర్వాత ఆఫర్ చేతికొచ్చాక ఆ అంకె దగ్గరే చిక్కు పడుతుంది.

ఆ అంకె ఎక్కడికి వెళుతుందో ముందు చూడాలి. రిక్రూటర్ ముందు ఒక ఎక్సెల్ షీట్ తెరిచి ఉంటుంది. పేరు, అనుభవం, ఇప్పటి జీతం, ఆశిస్తున్న జీతం, నోటీస్ పీరియడ్, ఉంటున్న ఊరు. ఒక్కో అభ్యర్థికి ఒక్కో వరస. మీరు రెండు నిమిషాలు వివరించి చెప్పినా ఆ గడిలో పట్టేది ఒక్క అంకె. "ఫిక్స్‌డ్ అయితే పది, షిఫ్టు ఉంటే ఇంకాస్త ఎక్కువ, బెంగళూరు అయితే మళ్లీ ఆలోచించాలి" అని మీరంటే షీట్‌లో పడేది "10". ఆ షీట్ కంపెనీ హెచ్‌ఆర్‌కు వెళుతుంది, అక్కడి నుంచి మేనేజర్ దగ్గరికి వెళుతుంది. మీరు పెట్టిన షరతులు మాత్రం ఫోన్ దగ్గరే ఆగిపోతాయి. ఇందులో మోసమేమీ లేదు. రోజంతా అలాంటి ఫోన్లు చేసే మనిషి గడి నింపుకుని ముందుకు వెళతారు. అందుకే ఫోన్‌లో చెప్పింది అదే రోజు రాసి పంపాలి. అంకెకు దాని షరతులు మళ్లీ తగిలించగలిగేది ఆ మెయిల్ ఒక్కటే.

ఇదంతా ఒక ఉదాహరణలో పెట్టి చూద్దాం. కూకట్‌పల్లిలో అమ్మానాన్నలతో ఉంటూ ఒక మధ్యస్థాయి సాఫ్ట్‌వేర్ కంపెనీలో టెస్టర్‌గా పనిచేస్తున్న అమ్మాయిని అనుకోండి. ఐదేళ్ల అనుభవం. మాన్యువల్ టెస్టింగ్‌తో మొదలుపెట్టి రెండేళ్లుగా సెలీనియంతో ఆటోమేషన్ చేస్తోంది. ఇప్పుడు పే స్లిప్‌లో నెలకు గ్రాస్ 60 వేలు, ఏడాదికి 7.2 లక్షలు. దానిపైన ఏడాదికోసారి వచ్చే వేరియబుల్ 60 వేలు. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ కలిపితే ఆమె సీటీసీ సుమారు 8.35 లక్షలు. పీఎఫ్, వృత్తి పన్ను పోను బ్యాంకులో పడేది నెలకు 56,500 చిల్లర.

ఈ అమ్మాయి ఫోన్‌లో "పది లక్షలు" అందనుకుందాం. ఏ పది లక్షలు? తన మనసులో ఉన్నది నెలనెలా వచ్చే జీతం లెక్క. రిక్రూటర్ రాసుకున్నది సీటీసీ పది లక్షలు. ఈ రెండింటి మధ్య తేడా చిన్నదేమీ కాదు. కంపెనీ సీటీసీ పది లక్షలని, అందులో 10 శాతం వేరియబుల్ అని పెడితే లక్ష అక్కడికి పోయింది. బేసిక్ 4 లక్షలనుకుంటే దాని మీద 12 శాతం, అంటే 48,000, కంపెనీ వాటా పీఎఫ్. గ్రాట్యుటీ పేరుతో బేసిక్ మీద 4.81 శాతం పక్కన పెడతారు, అది 19,240. ఇవన్నీ తీసేస్తే నెలనెలా ఇచ్చే గ్రాస్‌కు ఏడాదికి మిగిలేది 8,32,760. నెలకు 69,397. అందులోంచి తన వాటా పీఎఫ్ 4,000, వృత్తి పన్ను 200 పోతే చేతికి వచ్చేది 65,197. అదే పది లక్షలు స్థిర జీతమై, పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ దానికి వెలుపల ఉంటే, బేసిక్ అంతే అనుకున్నా నెలకు 79,133 చేతికి వస్తుంది. 2025-26 నాటి కొత్త పన్ను విధానంలో ఈ స్థాయి జీతానికి ఆదాయపు పన్ను పడదు కాబట్టి ఆ లెక్క వేరే వేయనక్కరలేదు.

ఒకే మాట, నెలకు దాదాపు 14 వేల తేడా. కాగితం మీద దాదాపు 20 శాతం పెరుగుదలగా కనిపించే ఆఫర్‌లో ఆమె చేతికి అదనంగా వచ్చేది తొమ్మిది వేల లోపు. వేరియబుల్ వస్తుంది కదా అనవచ్చు. అది కంపెనీ లాభం మీద, మన రేటింగ్ మీద ఆధారపడుతుంది. కొన్నిచోట్ల చెల్లించే తేదీ నాటికి ఉద్యోగంలో ఉంటేనే ఇస్తారు. గ్రాట్యుటీకి మామూలుగా ఐదేళ్ల సర్వీసు కావాలి. రెండేళ్లకో మూడేళ్లకో మారిపోయేవాళ్లకు సీటీసీలో ఆ గ్రాట్యుటీ వరస ఉన్నా ఒకటే, లేకున్నా ఒకటే.

"ఫిక్స్‌డ్" అంటే సరిపోతుంది కదా అనిపిస్తుంది. పూర్తిగా సరిపోదు. కొన్ని కంపెనీలు వేరియబుల్‌ను మాత్రమే తీసేసి, కంపెనీ వాటా పీఎఫ్‌ను, గ్రాట్యుటీని కూడా ఫిక్స్‌డ్‌లోనే కలిపి చూపిస్తాయి. అందుకే "నెలనెలా పే స్లిప్‌లో కనిపించే గ్రాస్" అని పట్టుబట్టి చెప్పడం మేలు. ఆ మాటకు ఎవరూ వేరే అర్థం తీయలేరు.

ఇక పరిధి సంగతి. "10 నుంచి 12" అన్నప్పుడు అవతలివాళ్లు వినేది పదే. 12 చెప్పినవాళ్లు మనసులో 11 దగ్గర తెగుతుందనుకుంటారు కానీ, కింది అంకెకే ఒప్పుకుంటానని స్వయంగా చెప్పాక పైకి జరపడానికి కారణం దొరకదు. కాబట్టి కింది అంకె అంటే బేరానికి వదిలిపెట్టే ఎర కాదు, దానికే ఆఫర్ వస్తే సంతోషంగా సంతకం పెట్టగలిగే జీతం. పై అంకె, పని అనుకున్నదానికన్నా బరువుగా ఉంటే అడగదగ్గ జీతం. రెండింటి మధ్య దూరం 15 శాతం దాటకపోతే మంచిదని నా అభిప్రాయం. 8 నుంచి 13 అన్నారంటే మీకే లెక్క తెలియదని అర్థం చేసుకుంటారు.

ఆ కింది అంకె ఎక్కడి నుంచి తేవాలి? చాలామంది ఇప్పటి జీతం మీద 30 శాతం కలిపి చెప్పేస్తారు. రిక్రూటర్లూ అదే భాషలో మాట్లాడతారు, "ఎంత హైక్ చూస్తున్నారు" అని. ఇప్పటిదాకా తక్కువ జీతానికి పనిచేసినవాళ్లను ఆ పద్ధతి తర్వాత కూడా తక్కువలోనే ఉంచుతుంది. క్యాంపస్ నుంచి తక్కువకు చేరి, ఐదేళ్లూ అక్కడే ఉన్న అమ్మాయికి శాతాల లెక్కలో ఎప్పటికీ న్యాయం జరగదు. లెక్క కొత్త ఉద్యోగం నుంచి మొదలవ్వాలి. అదే పని, అంతే అనుభవం ఉన్న స్నేహితులు ఇద్దరు ముగ్గురిని నేరుగా అడగాలి, అడిగేటప్పుడు వాళ్ల పే స్లిప్ గ్రాస్ ఎంతో అడగాలి. ఆంబిషన్‌బాక్స్ లాంటి చోట్ల చూడవచ్చు, కానీ అక్కడివి ఉద్యోగులు తమంతట తాము నింపిన వివరాలు, అందులో కొందరు సీటీసీ రాస్తారు, కొందరు చేతికొచ్చేది రాస్తారు. ముందుగా ఫోన్ చేసిన వేరే రిక్రూటర్లనే "ఈ అనుభవానికి మీ క్లయింట్లు ఎంత దాకా ఇస్తున్నారండీ" అని అడిగితే తరచూ చెబుతారు, ఆ ఉద్యోగం మీకు వద్దనుకున్నా సరే. ఇలా వాకబు చేస్తే మన అమ్మాయికి తేలింది స్థిర జీతం 10 నుంచి 11.5 లక్షలు. ఇందులో తను వదులుకునేది కూడా చూసుకోవాలి. మార్చి లోపల రాజీనామా చేస్తే ఈ ఏటి వేరియబుల్ 60 వేలు పోతాయి. అది ఏడాది జీతంలో కలపకుండా, కావాలంటే చివర్లో జాయినింగ్ బోనస్‌గా అడగడం సబబు. ఒకసారి వచ్చే నష్టానికి ఒకసారి ఇచ్చే పరిహారం అడిగితే హెచ్‌ఆర్‌కు ఒప్పుకోవడం తేలిక.

ఇప్పుడు ఫోన్ సంభాషణ. తను చెప్పేముందు ఒక్కసారి అడిగి చూడాలి.

"ఎంత ఎక్స్‌పెక్ట్ చేస్తున్నారు మేడమ్?"

"ఈ రోల్‌కు క్లయింట్ ఎంత బడ్జెట్ అనుకున్నారండీ? మీకు తెలిసే ఉంటుంది కదా. అది నాకు సరిపోతుందో లేదో ఇప్పుడే చెప్పేస్తాను, మీ టైమూ కలిసొస్తుంది."

కొందరు చెప్పేస్తారు. ఎక్కువమంది "ముందు మీరు చెప్పండి, బడ్జెట్ సమస్య కాదు" అంటారు. అప్పుడు రెండోసారి అదే ప్రశ్న వేయనక్కరలేదు. మూడుసార్లు తప్పించుకుంటే అవతలి మనిషికి విసుగొస్తుంది, వరసలో తర్వాతి పేరుకు వెళ్లిపోతారు.

"సరేనండీ. మీరు చెప్పిన పనిని బట్టి, నేను వాకబు చేసినదాన్ని బట్టి, స్థిర జీతం ఏడాదికి 10 నుంచి 11.5 లక్షలు చూస్తున్నాను. అంటే పే స్లిప్‌లో గ్రాస్. పీఎఫ్, గ్రాట్యుటీ, వేరియబుల్ వేరు. హైదరాబాద్‌లోనే, పగటి షిఫ్టు అన్నారు కాబట్టి ఈ లెక్క."

"రేంజ్ కాదు మేడమ్, సిస్టమ్‌లో ఒక్క నంబరే పడుతుంది."

"ఒక్కటే రాయాలంటే 11 ఫిక్స్‌డ్ అని రాయండి. రేంజ్ నేను మెయిల్‌లో పెడతాను. పది ఫిక్స్‌డ్ అయినా మీ క్లయింట్ బడ్జెట్‌లో పడుతుందా, అది మాత్రం చెప్పండి."

ఆ చివరి ప్రశ్న ముఖ్యమైంది. "పడుతుంది" అంటే మాట్లాడటం దండగ కాదు. "కష్టం, ఎనిమిదిన్నర దాటరు" అంటే మూడు రౌండ్ల ఇంటర్వ్యూ, రెండు సెలవులు మిగిలాయి.

రిక్రూటర్ ఎటు పక్షం అన్న అనుమానం చాలామందికి ఉంటుంది. కన్సల్టెన్సీకి ఫీజు ఇచ్చేది కంపెనీ. ఆ ఫీజు అభ్యర్థి ఏడాది సీటీసీలో ఇంత శాతమని ఉంటుంది. మన దగ్గర తరచు వినిపించే లెక్క 8.33 శాతం, అంటే ఒక నెల జీతం. అయితే జీతం పెరిగితే వాళ్లకూ లాభమే కదా? లాభమే, కానీ స్వల్పం. 10 లక్షల మీద ఫీజు 83,300. మీకు ఇంకో లక్ష ఇప్పిస్తే వాళ్లకు అదనంగా వచ్చేది 8,330. ఆ లక్ష కోసం బేరం చెడితే పోయేది మొత్తం 83,300. కాబట్టి మీ జీతం పెంచాలన్న ఆత్రం కన్నా మీరు చేరిపోవాలన్న ఆత్రం వాళ్లకు ఎక్కువగా ఉంటుంది. శత్రువులు కారు, మీ తరఫున వాదించేవాళ్లూ కారు.

ఇప్పటి జీతం ఎంతని అడిగితే అబద్ధం మాత్రం చెప్పకూడదు. ఇక్కడ కంపెనీలు చివరి మూడు నెలల పే స్లిప్పులు, బ్యాంక్ స్టేట్‌మెంట్, ఫారం 16 అడుగుతాయి. పెంచి చెప్పిన లక్ష అక్కడ బయటపడితే ఇచ్చిన ఆఫర్ కూడా వెనక్కి పోతుంది. "ఇప్పుడు గ్రాస్ 7.2, వేరియబుల్ 60 వేలు, సీటీసీ 8.35" అని విడదీసి నిజం చెప్పి, "కానీ నేను అడుగుతున్నది కొత్త పనిని బట్టి" అనడమే దారి. నౌకరీ ప్రొఫైల్‌లో నింపిన జీతం అంకెలూ దీనికి సరిపోవాలి. అక్కడ పాతది ఉంటే ఫోన్ ఎత్తేముందే సరిదిద్దుకోవాలి.

అమెరికాలో ఉన్న మనవాళ్లకు ఈ ఒక్క విషయంలో వెసులుబాటుంది. కాలిఫోర్నియాలో 2018 జనవరి నుంచి అభ్యర్థి పాత జీతం అడగడం చట్టరీత్యా కుదరదు, ఎంత ఆశిస్తున్నారని మాత్రం అడగవచ్చు. 2023 నుంచి అక్కడ 15 మంది, అంతకు మించి ఉద్యోగులున్న సంస్థలు ఉద్యోగ ప్రకటనలోనే జీతం పరిధి ఇవ్వాలి. న్యూయార్క్ నగరంలో 2022 నవంబరు నుంచి ప్రకటనలో పరిధి ఇవ్వడం తప్పనిసరి. అక్కడ కాంట్రాక్టు ఉద్యోగాలు చేసే తెలుగువాళ్లకు రాతపూర్వక నిర్ధారణ కొత్తేమీ కాదు. ప్రొఫైల్ క్లయింట్‌కు పంపేముందు కన్సల్టెన్సీ వాళ్లు ఆర్‌టీఆర్ అనే అనుమతి మెయిల్ అడుగుతారు. గంటకు ఎన్ని డాలర్లో, అది డబ్ల్యూ2 మీదా, సీ2సీ మీదా అన్నది అందులోనే రాస్తారు. మన దగ్గర కూడా ఒకే అభ్యర్థిని రెండు కన్సల్టెన్సీలు పంపి గొడవ పడకుండా, కొందరు అలాంటి సమ్మతి మెయిల్ అడుగుతుంటారు. జీతం వివరం రాయడానికి అదే సరైన చోటు. ఎలాగూ మెయిల్ పంపాలి కదా, "నా ప్రొఫైల్ పంపండి" అన్న మాటకు "ఈ షరతులతో" అన్నది జతచేస్తే చాలు.

మెయిల్ అదే రోజు వెళ్లాలి, వీలైతే ప్రొఫైల్ కంపెనీకి చేరేలోపే. మన అమ్మాయి రాసేది ఇంగ్లీషులోనే అయినా సారం ఇలా ఉంటుంది:

"నమస్కారమండీ. ఈ మధ్యాహ్నం ఫోన్‌లో ఆటోమేషన్ టెస్టర్ ఉద్యోగం గురించి వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. జీతం గురించి మాట్లాడుకున్నది ఇద్దరి దగ్గరా ఒకేలా ఉండాలని రాస్తున్నాను.

నేను ఆశిస్తున్న స్థిర జీతం ఏడాదికి 10 లక్షల నుంచి 11.5 లక్షలు. ఇది పే స్లిప్‌లో నెలనెలా కనిపించే గ్రాస్. కంపెనీ వాటా పీఎఫ్, గ్రాట్యుటీ, బీమా, వేరియబుల్ ఇందులో లేవు. 10 లక్షల స్థిర జీతం క్లయింట్ బడ్జెట్‌లో ఉందని మీరు చెప్పారు.

హైదరాబాద్ ఆఫీసు, వారానికి మూడు రోజులు, పగటి షిఫ్టు అన్నదాన్ని బట్టి చెప్పిన పరిధి ఇది. వీటిలో ఏదైనా మారినా, ఇంటర్వ్యూల్లో బాధ్యతలు ఎక్కువని తెలిసినా మళ్లీ మాట్లాడుకుందాం. నా నోటీస్ పీరియడ్ 60 రోజులు.

ఈ వివరాలతో నా ప్రొఫైల్ పంపడానికి అంగీకరిస్తున్నాను. నేను అర్థం చేసుకున్నదానిలో తేడా ఏమైనా ఉంటే ఇంటర్వ్యూకు ముందే తెలియజేయగలరు."

ఇంతకు మించి అక్కరలేదు. ఇంట్లో ఈఎంఐ ఉందని, పెళ్లి ఖర్చులున్నాయని, ఇప్పటి కంపెనీలో అన్యాయం జరిగిందని రాయకూడదు. ఆ మెయిల్‌ను హెచ్‌ఆర్‌కు అలాగే ఫార్వర్డ్ చేసినా ఇబ్బంది లేకుండా ఉండాలి. నిజానికి అలా ఫార్వర్డ్ కావాలన్నదే మన కోరిక కూడా.

జవాబు మూడు రకాలుగా రావచ్చు. "నోటెడ్" అని ఒక్క మాట వస్తే చాలు, పని జరిగినట్టే. "మేడమ్, మీరు రాసింది సీటీసీనే కదా" అని ఫోన్ వస్తే, పొరపాటు ముందే దొరికిందన్నమాట. అప్పుడు నోటితో సర్దుకోకుండా, ఆ మెయిల్ కిందే "ఇప్పుడు ఫోన్‌లో చెప్పినట్టు, ఇది స్థిర జీతమే" అని ఇంకో వరస రాయాలి. ఏ జవాబూ రాకపోతే ఒప్పుకున్నట్టు అనుకోవద్దు. మొదటి ఇంటర్వ్యూ ఖరారు చేయడానికి ఫోన్ చేసినప్పుడు "మెయిల్ చూశారా అండీ" అని అడిగి అవుననిపించుకోవాలి. మాట్లాడేది వాట్సాప్‌లోనే అయినా, మెయిల్ పంపి, పంపినట్టు వాట్సాప్‌లో చెప్పడం మేలు. మెసేజ్ ఆ రిక్రూటర్ ఫోన్‌లోనే ఉండిపోతుంది. రిక్రూటర్లు తరచుగా మారతారు. మూడో వారంలో కొత్త మనిషి ఫోన్ చేసి "మీ ఎక్స్‌పెక్టేషన్ తొమ్మిది అని ఉందండీ" అంటే, పాత మెయిల్‌ను తేదీతో సహా ఫార్వర్డ్ చేయవచ్చు. ఎవరు ఏమన్నారన్న వాదన అక్కడితో ముగుస్తుంది.

మన ఉదాహరణలో రెండు టెక్నికల్ రౌండ్లు బాగా జరిగాయి. హెచ్‌ఆర్ రౌండ్‌లో కొత్త సంగతి బయటికొచ్చింది. టీమ్ బెంగళూరులో ఉంది, మొదటి ఆరు నెలలు అక్కడే ఉండాలి. కూకట్‌పల్లిలో ఇంటి అద్దె కట్టని అమ్మాయికి బెంగళూరులో గది, తిండి, ప్రయాణం కలిపి నెలకు పాతిక వేలు అవుతుందని లెక్క తేలింది. ఇక్కడ ఆమె "ముందు పది అన్నాను, ఇప్పుడు మాట మారిస్తే ఏమనుకుంటారో" అని మొహమాటపడనక్కరలేదు. మెయిల్‌లో రాసిన షరతే మారింది. "హైదరాబాద్ అన్నదాన్ని బట్టి పరిధి చెప్పాను సార్, ఆ ఆరు నెలలకు వసతి మీరు చూస్తారా, లేక స్థిర జీతం పైకి జరుపుదామా" అని అడగవచ్చు. హెచ్‌ఆర్‌కు రెండు దారులు చూపించినట్టయింది, రెంటిలో ఒకటి తరచూ కుదురుతుంది. ఫోన్‌లో పది అని మాత్రమే చెప్పి ఉంటే, ఇదే కోరిక బేరంలా వినిపించేది.

ఈ మెయిల్‌కు హద్దు కూడా ఉంది. ఇది ఒప్పందం కాదు, దీన్ని చూపించి ఎవరినీ జీతం ఇవ్వమని నిలదీయలేం. కంపెనీ పది కన్నా తక్కువ ఇస్తామనవచ్చు, మీరు ఆ పరిధి దాటి అడగవచ్చు. అడిగితే కారణం చెప్పాల్సి ఉంటుంది. మొదటి ఫోన్‌లో తక్కువ చెప్పేశానని తర్వాత గ్రహించినవాళ్లు ఆఫర్ వచ్చేదాకా ఆగకూడదు. హెచ్‌ఆర్ రౌండ్‌కు ముందే "ఇంటర్వ్యూల్లో ఫ్రేమ్‌వర్క్ మొదటి నుంచి కట్టాలని, ఇద్దరు జూనియర్లను చూసుకోవాలని తెలిసింది, అందువల్ల నా పరిధి 11 నుంచి 12.5 స్థిర జీతంగా సవరిస్తున్నాను" అని అదే మెయిల్ వరసలో రాయాలి. పని పెరిగిందన్న కారణం ఉంటే వింటారు. ఆఫర్ చేతికొచ్చాక కారణం లేకుండా పెంచితే వినరు.

చివరికి ఆఫర్ లెటర్ వస్తుంది. మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో సీటీసీ ఉంటుంది, జీతం విడివిడి లెక్క వెనక అనెక్సర్‌లో ఉంటుంది. మొదటి పేజీ చూసి యాక్సెప్ట్ నొక్కకుండా, అనెక్సర్‌లో నెలవారీ గ్రాస్ అన్న వరస వెతకాలి. దాన్ని పన్నెండుతో హెచ్చించి, మెయిల్‌లో రాసిన అంకె పక్కన పెట్టాలి. బెంగళూరు మాట తేలి 11 లక్షలకు కుదిరితే అక్కడ నెలకు 91,667 దగ్గర కనిపించాలి. 76 వేలు కనిపిస్తే ఆ 11 లక్షలు సీటీసీ అన్నమాట. ఆఫర్ అంగీకరించడానికి సాధారణంగా రెండు మూడు రోజుల గడువిస్తారు. ఆ గడువులోనే, పాత మెయిల్ జతచేసి, అనెక్సర్‌లో ఆ ఒక్క వరస సరిదిద్దమని అడగాలి. ఇప్పటి ఉద్యోగానికి రాజీనామా పెట్టడం సరిదిద్దిన లెటర్ వచ్చిన తర్వాతే.